తొమ్మిది బిస్కెట్ల బుట్ట

మా ఇంట్లో పిల్లలకు మాటలకంటే ముందు బేరం వస్తుంది. అనంతపురం పాతూరులో మా నాయనది స్టీలు సామాన్ల అంగడి. దానికి ఎదురుగా పెద్దనాయన కిరాణా, రెండంగళ్ల అవతల మేనమామ గుడ్డల కొట్టు. ఈ మూడు గల్లాపెట్టెల మధ్య పెరిగినదాన్ని. ధర అడగ్గానే ఇచ్చేసే మనిషిని చూస్తే మాకు జాలి. ధర తగ్గించి, కొసరు అడగకుండా లేచి వచ్చేవాళ్లను చూస్తే ఇంకా జాలి. నేను ఆకుకూర కొన్నా కొత్తిమీర రెబ్బ కొసరు లేకుండా కదలను. ఇంటిపక్క వీధుల్లో ఎవరు ఫ్రిజ్జు కొన్నా, మంచం కొన్నా నన్ను వెంట తీసుకుపోతారు. నాకు అదొక గొప్ప. వస్తువు మంచిదా కాదా అని నన్నెవరూ అడగరు. ఆ సంగతి నాకు చాలాకాలం తట్టలేదు.

పక్కింటి అక్క కూడా అందుకే పిలిచింది. వాళ్లు ముస్లింలు, ఇంట్లో మాట్లాడేది మాత్రం మాలాగే తెలుగు. వాళ్లాయన బోరుమోటార్లకు వైండింగు చేస్తాడు. ఈ ఊళ్లో ఆ పని ఎప్పుడూ నిలవదు. అక్క పని బిస్కెట్లు. అమ్మడానికి కాదు. వాళ్ల బంధువుల్లో ఎవరి పెళ్లి జరిగినా బిస్కెట్లు అక్క చేతివే ఉండాలి. బెన్నె బిస్కెట్టు ఒకటి, నాన్‌ఖటాయి ఒకటి. వెన్న మాదిరి నోట్లో విడిపోతుంది, కానీ చేతిలో విరగదు. ఆ రెండు గుణాలూ ఒకే బిస్కెట్టులో ఉండడం ఎంత కష్టమో తర్వాత తెలిసింది.

మా వీధి చివర బేకరీలో కట్టెల బట్టీ ఉండేది. తెల్లవారే లోపల బన్నులు, బ్రెడ్డు కాల్చడం అయిపోయేది. మంట తీసేసినా లోపలి ఇటుకల్లో వేడి చాలాసేపు నిలుస్తుంది. ఆ మిగిలిన వేడి వీధివాళ్లది. ఎవరి మైదా, చక్కెర, నెయ్యి వాళ్లు ఇంట్లో కలుపుకుని, తట్టల్లో పేర్చి తెస్తే, బేకరీ ఆయన పొడుగాటి కట్టె తెడ్డుతో లోపలికి తోసేవాడు. రంజానుకు ముందు, పెళ్లిళ్లకు ముందు అక్కడ ఆడవాళ్ల వరుస ఉండేది. ముందు గట్టి వేడిలో కారా బిస్కెట్లు, వేడి దిగుతున్న కొద్దీ బెన్నె బిస్కెట్లు, అన్నిటికంటే చివర నాన్‌ఖటాయి. ఎవరి తట్ట ఎప్పుడు లోపలికి పోవాలో అక్క చెప్పేది. బేకరీ ఆయన కూడా ఆమె మాట వినేవాడు.

ఆయన తర్వాత కొడుకు చేతికి వచ్చింది బేకరీ. బట్టీ పగలగొట్టి, నిలువెత్తు కరెంటు ఓవెను పెట్టించాడు. దాంట్లో పొద్దున మొదలుకుని సాయంత్రం దాకా వాళ్ల సరుకే. వీధివాళ్ల తట్టకు చోటు లేదు. మిగిలిన వేడి అనే మాటే లేదు; మీట ఆపితే అయిపోయినట్టే అనుకున్నాం.

సరిగ్గా అప్పుడే కణేకల్‌లో ఉన్న అక్క చెల్లెలు కూతురికి పెళ్లి కుదిరింది. వియ్యాలవారికి ఇచ్చే పొట్లాల్లో పెట్టడానికి మూడు పెద్ద రేకు డబ్బాల నిండా బిస్కెట్లు కావాలి. అక్క ముందు కుక్కర్లో ఇసుక పోసి ప్రయత్నించింది. అడుగు మాడింది, పైన తెల్లగా ఉండిపోయింది. ఆ సంగతి చెల్లెలికి తెలిసి ఫోన్లో అన్నదట: "బట్టీ లేదంటాండావు కదా, ఇంక తిప్పలు పడొద్దులే. ఆడ్నే ఏదో ఒక బేకరీలో కొని పంపు."

అక్క నాకు ఈ మాట చెప్పినప్పుడు గొంతు మామూలుగానే ఉంది. చేతిలో ఉన్న గుడ్డను మాత్రం నాలుగుసార్లు మడిచి మళ్లీ విప్పింది.

"కొని పంపేదానికి నేనెందుకు? లారీ ఆఫీసోడు సాలు. ఇంట్లోకే పొయ్యి కొంటా. పెట్టే దుడ్లు ఒక్కసారికే ఉండాయి, తప్పు కొంటే మళ్లా కొనలేను. నువ్వు రావల్ల, బేరం చెయ్యల్ల."

నేను ఆ మాట వినీ వినకుండానే ఫోను తీసాను. రెండురోజులు దానిమీదే పడ్డాను. ఎక్కడ చూసినా ఎయిర్ ఫ్రయ్యరే. చిన్నది, నల్లగా నిగనిగలాడుతుంది, తాకితే అంకెలు వెలుగుతాయి. దాంట్లో కేకు చేసేవాళ్లున్నారు, బిస్కెట్లు చేసేవాళ్లున్నారు, నవ్వుతూ బుట్ట లాగి చూపించేవాళ్లున్నారు. పైగా అందరూ కొంటున్నారు కాబట్టి అందరూ ధర తగ్గిస్తున్నారు. ధర తగ్గే వస్తువు మంచి వస్తువని మా వంశం నమ్మకం. ఇంకోపక్క ఓటీజీ అనే ఓవెను ఉంది. ముందు అద్దం తలుపు, లోపల పైన రెండు, కింద రెండు కాలే కడ్డీలు, పక్కన మూడు గుబ్బలు. మా చిన్నప్పటి రేడియోలా ఉంది. దానిమీద తగ్గింపు తక్కువ. అంతటితో నా పరిశోధన ముగిసింది.

"అక్కా, గాలి పొయ్యి తీసుకుందాం. నూనె కూడా పట్టదంట," అన్నాను.

"బిస్కెట్టుకు నూనె యాడ పోస్తాం మే?" అన్నది అక్క. ఆ ప్రశ్నను నేను పట్టించుకోలేదు.

మా బేరంలో ఒక ఆయుధం ఉంది, బోణీ. అంగడి తెరవగానే వచ్చిన మొదటి గిరాకీని వట్టి చేతులతో పంపితే రోజంతా పాడని అంగడివాళ్ల భయం. నాకు తెలుసు, నేనూ అక్కడ పుట్టినదాన్నే. కాబట్టి ముఖ్యమైన కొనుగోళ్లన్నీ తాళం తీసే వేళకు పెట్టుకుంటాను. ఈ ఆయుధానికి రెండో పక్క కూడా పదును ఉంది. బోణీ బేరంలో అంగడాయన "సరే" అన్నాక కొనేవాళ్లు వెనక్కి తగ్గకూడదు. తగ్గితే వాళ్లను మా నాయన అంగట్లో మళ్లీ కూర్చోమని కూడా అనేవాడు కాదు.

ఆ రోజు పొద్దున కొళాయి నీళ్లు వచ్చాయి. నీళ్లొచ్చే రోజు ఇల్లు కదలలేరు కదా. "నువ్వు పోతా ఉండు, డ్రమ్ములు నింపి వస్తా. నేనొచ్చేదాకా ఏదీ కొనొద్దు," అన్నది అక్క. కొనొద్దన్నది కానీ బేరం చేయొద్దనలేదు. నేను పోయాను.

మిక్సీలు, గ్రైండర్లు, ఓవెన్లు అమ్మే ఆ అంగడాయన మా నాయన దగ్గర పాత గిరాకీ కొడుకు. నేనతన్ని అన్నా అంటాను, అతను నన్ను అక్కా అంటాడు. ఎవరు పెద్దో ఇద్దరికీ తెలియదు. అగరువత్తి వెలిగిస్తున్నాడు.

"బోణీ అయిందా అన్నా?"

"ఇంకా లేదక్కా. నిన్ను చూస్తే అయ్యేట్టు గూడా లేదు."

ఇలాంటి పలకరింపు వింటే నాకు ఒంట్లో ఓపిక వస్తుంది. ముందు ఇస్త్రీపెట్టెలు చూశాను. తర్వాత ఫ్యాన్లు చూశాను. పోతూ పోతూ కంట పడినట్టు ఎయిర్ ఫ్రయ్యరు వైపు చూసి, రంగు బాలేదన్నాను.

"నలుపక్కా. నలుపు బాలేకుండా ఎట్ల ఉంటాది?"

"దుమ్ము కనపడతాది."

"మన ఊర్లో దుమ్ము కనపడని రంగు ఏదన్నా ఉంటే చెప్పు, కంపెనీకి ఫోను చేసి చేపిస్తా."

ఫోన్లో ఉన్న ధర చూపించాను. రేపు అది చెడిపోతే ఆ ఫోనుకే చూపించమన్నాడు. వాళ్ల నాయన పెళ్లి సామాన్లు మా నాయన దగ్గర కొన్నాడని గుర్తుచేశాను. ఆ సామాన్లలో బిందె కారేదని అతను గుర్తుచేశాడు. నేను లేచాను, చెప్పుల్లో కాలు పెట్టాను, గడప దాటకుండా నిలబడ్డాను. గడప దగ్గర నిలబడడం ఒక కళ. దాటితే పోయినట్టు, వెనక్కి చూస్తే ఓడినట్టు. వీధిలోకి చూస్తూ చీర చెంగు సర్దుకోవాలి.

"సరే రాక్కా, నీ మాటే. బోణీ!" అన్నాడు. ఎయిర్ ఫ్రయ్యరు డబ్బాను రెండు చేతులతో ఎత్తి కళ్లకద్దుకుని నా ముందు పెట్టాడు.

నా జీవితంలో దించిన ధరల్లో అది చెప్పుకోదగ్గది. చెప్పుకోవడానికి మనిషి కావాలి కదా, అప్పుడే అక్క వచ్చింది. చీర అంచు తడిగా ఉంది, చేతిలో స్టీలు టిఫిను, ఒక చిన్న పొట్లం.

"అయిపోయిందక్కా! దించేసినా," అన్నాను.

"ఏం దించినావు?"

"ధర!"

"పొయ్యి చూస్తివా?"

నేను డబ్బా వైపు చూశాను. డబ్బా మీద బొమ్మ ఉంది. అంతవరకే చూశాను.

అక్క డబ్బా తెరవనివ్వలేదు. షోకేసులో చూపించడానికి పెట్టిన అదే రకం పీసును కిందికి దింపించింది. బుట్ట లాగి లోపల చేయి పెట్టి తడిమింది, పెళ్లిచూపుల్లో పిల్ల చేతులు చూసినట్టు.

"ఇది ఎంతదన్నా?"

"ఆరు లీటర్లక్కా. ఫ్యామిలీ సైజు."

"లీటర్లు ఏంటికి? బిస్కెట్లేమన్నా ట్యాంకరు నీళ్లా?"

టిఫిను మూత తీసింది. దాని నిండా ఆమె పాత బిస్కెట్లే, బట్టీలో కాల్చిన ఆఖరివి. ఒక్కొక్కటే తీసి బుట్ట అడుగున పేర్చడం మొదలుపెట్టింది. మధ్యమధ్య వేలెడు ఎడం వదిలింది.

"దగ్గరగా పెట్టక్కా, ఇంకా పడతాయి," అన్నాను.

"కాలేటప్పుడు పరుచుకుంటాయి మే. ఎడం లేకుంటే ఒకదానికొకటి అతుక్కుంటాయి. నడుమ వేడి తిరగల్ల."

వరుసకు మూడు, మూడు వరుసలు. తొమ్మిది. పదోది పెట్టడానికి చోటు లేదు. ఆరు లీటర్లలో చాలావరకు పొడుగే. కోడికి పనికొస్తుంది, బిస్కెట్టుకు కావలసింది అడుగు విస్తీర్ణం. అక్క ఆ తొమ్మిదింటి వైపు, నా వైపు చూసింది.

"మూడు డబ్బాలు దీంట్లో కాల్చల్లంటే, పెళ్లయి ఆ పిల్లకు పిల్లోల్లు పుట్టేదాకా కూర్చోవల్ల."

అంగడాయన నిజాయితీపరుడు. నవ్వు ఆపుకుని చెప్పాడు: "ఇంట్లోకి నాలుగు కప్పు కేకులో, ఇంత గిన్నెలో కేకో అయితే బాగా వస్తాదక్కా. వేడెక్కేదానికి రెండు మూడు నిమిషాలు సాలు. ఎనభై డిగ్రీల నుంచి రెండు వందల దాకా అంకె పెట్టుకోవచ్చు."

"వేడి యాడ నుంచి వస్తాది?"

"పైన కాయిలు ఉండాది, దానిపైన ఫ్యాను. వేడిగాలి కిందికి తోస్తాది. గాలి గట్టిగా తిరుగుతాది కాబట్టి, ఓవెనుకు చెప్పిన డిగ్రీలకంటే ఒక ఇరవై తగ్గించి పెట్టుకోవల్ల."

"కింద?"

"కింద ఏమీ లేదు. గాలే పోయి తగలల్ల."

"కాల్చి చూపించు," అన్నది అక్క. చేతిలోని పొట్లం విప్పింది. దాంట్లో మైదా.

బట్టీ కాలం నాటి పద్ధతి అది. తట్ట మీద పిండి చల్లి లోపల పెట్టి, అది ఎంతసేపటికి ఏ రంగు తిరుగుతుందో చూస్తే వేడి ఎంత ఉందో, ఏ మూల ఎక్కువో తెలిసిపోతుంది. బేకరీ ఆయన రోజూ చేసేవాడు. అక్క ఒక చిన్న రేకు మూత మీద పిండి పలచగా చల్లి బుట్టలో పెట్టింది. అంగడాయన నూట ఎనభై పెట్టి మీట నొక్కాడు. ఫ్యాను గుయ్యిమన్నది.

కట్టెల బట్టీలో ఫ్యాను ఉండదు. ఆ సంగతి మా ముగ్గురిలో ఎవరికీ ఆ క్షణంలో గుర్తు లేదు.

కాసేపటికి మాడు వాసన వచ్చింది. బుట్ట లాగితే తెల్లటి పొగలా పిండి లేచి అంగడాయన మీసాల మీద వాలింది. రేకు మూత మీద చూద్దామంటే చిటికెడు కూడా లేదు. అంతా లోపలి గోడలకు, పైన కాయిలుకు అంటుకుని ఉంది.

"అక్కా! డెమో పీసక్కా అది!"

"ఊదరగొట్టే గాలి ఉండాదే దీంట్లో!" అన్నది అక్క, కోపంగా కాదు, మెచ్చుకుంటున్నట్టు. "వడలు వేడి చేసుకునేదానికి, చిప్సు కరకరమనేదానికి బంగారం. తప్పు దీనిది కాదన్నా, నాది. దీని పని వేరే, నా పని వేరే. నీళ్లగుడ్డ ఇయ్యి, నేనే తుడుస్తా."

కాయిలు చల్లారేదాకా ఆగి, తీగ పీకించి, ఆమే తుడిచింది. ఈలోపు నేను బల్ల మీద ఉన్న నా బోణీ డబ్బా వైపు చూస్తున్నాను. అంగడాయన కూడా దానివైపే చూస్తున్నాడు.

తర్వాత ఓటీజీలు. మూడు దింపాడు. చిన్నదాంట్లో పైకడ్డీలు తట్టకు మరీ దగ్గర. అక్క తలుపు తెరిచి, తట్ట మీద పిడికిలి నిలబెట్టి చూసింది. "బ్రెడ్డు పొంగితే నెత్తి కాలుతాది," అని పక్కకు నెట్టింది. అన్నిటికంటే పెద్దది చూసి నాకు నోరూరింది; ధర పెద్దదైతే బేరానికి చోటు కూడా పెద్దదే. అక్క దాని వెనక ప్లగ్గు చూసింది. "ఇంత కడుపు వేడెక్కేదానికే పావుగంట పైన కావల్ల. రోజూ నాలుగు బన్నులకు దీన్ని ఎవరు మేపుతారు?" మధ్యదాని తట్ట బయటికి లాగి, టిఫినులోని బిస్కెట్లు పేర్చింది. వరుసకు ఆరు, నాలుగు వరుసలు. ఇరవై నాలుగు. ఎడం అంతే.

"దీంట్లో పై మంట వేరే, కింద మంట వేరే పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోవచ్చక్కా. ఈ గుబ్బ తిప్పితే పైవే, ఇట్ల తిప్పితే కిందివే, ఇట్ల అయితే రెండూ. ఫ్యాను కావాలంటే వేసుకో, వద్దంటే ఆపు. ఇది వేడి, నూరు నుంచి రెండు వందల యాభై దాకా. ఇది గంట కొట్టే టైమరు."

ఫ్యాను ఆపించి పిండి చల్లింది. ముందు ఖాళీగా వేడెక్కనిచ్చారు. వేడి అందగానే ఎర్ర దీపం ఆరింది, తగ్గగానే మళ్లీ వెలిగింది, మళ్లీ ఆరింది. అప్పుడు తట్ట పెట్టింది. ఈసారి పిండి ఎక్కడిదక్కడే ఉంది. అద్దంలోంచి చూస్తుండగా మెల్లగా రంగు తిరిగింది. అంతటా లేత గోధుమ రంగు, వెనక ఎడమ మూల మాత్రం ముదురు.

నాకు పండగ. లోపం దొరికితే ధర దించవచ్చు. "చూడన్నా, సమానంగా కాలల్యా!" అని గొంతు పెంచాను.

అక్క నా మోచేయి పట్టి ఆపింది. "ప్రతి పొయ్యికీ ఒక కోపం మూల ఉంటాది మే. బట్టీకి కుడిపక్క ఉండె. యాడుందో తెలిస్తే సాలు, సగం కాలినాక తట్ట తిప్పి పెడతాం." ఒక్క మాటతో నా బేరం తీసుకుపోయి పొయ్యిలో వేసింది.

అదే కొలతలో రెండు కంపెనీలవి ఉన్నాయి. పేర్లు రాయను, రాస్తే రేపు మీది చెడిపోయినా నన్నే తిడతారు. ఒకటి పాత పేరు, మా అమ్మ మిక్సీ నుంచి ఎరుగుదుం. ఇంకోటి కొత్తది, మెరుపు ఎక్కువ, ధర తక్కువ. నేను కొత్తదాని వైపు తిరిగాను. అక్క అంగడాయన్ను ఒకటే అడిగింది: "కడ్డీ పోతే యాడ దొరుకుతాది?"

అతను బల్ల కింది సొరుగు తెరిచి పాత కంపెనీ కడ్డీ ఒకటి, గుబ్బ ఒకటి తీసి చూపించాడు. "దీనివి నా దగ్గరే ఉంటాయి. బాగుచేసేవాడు టవర్ క్లాకు దగ్గరే ఉండాడు. దానివి కావాలంటే బెంగళూరు పంపల్ల. నేనైతే ఇదే మంచిది అంటా, అది అమ్మితేనేమో నాకు లాభం ఎక్కువ. నీ ఇష్టం."

"పెళ్లి ముందర చెడిపోతే బెంగళూరు ఎవరు పోతారు? ఇదే ఇయ్యి."

నేను బేరానికి నోరు తెరిచాను. అక్క తానే మాట్లాడింది. "ధర తగ్గించొద్దన్నా. నువ్వు అడిగిందే ఇస్తా. లోపల పెట్టే డిగ్రీల మీటరు ఉంటాదంట కదా, గుండ్రంగా, అది ఇయ్యి. ఇంకో తట్ట ఇయ్యి, ఒకటి లోపల కాలేటప్పుడు ఇంకోటి పేర్చుకోవల్ల కదా. అట్లే కడ్డీ పోతే ఒకసారి ఊరకే మార్చియ్యల్ల."

అంగడాయన ఆలోచించి సరేనన్నాడు. నేను ఎప్పుడూ కొసరుకు కొత్తిమీర అడుగుతాను. అక్క పనికొచ్చేది అడిగింది.

ఇక మిగిలింది బోణీ డబ్బా. "ఈ పొయ్యినే బోణీ అనుకోన్నా," అన్నది అక్క. "అనుకోవచ్చులేక్కా," అన్నాడతను, చాలా మర్యాదగా, చాలా దిగులుగా. కళ్లకద్దుకున్న వస్తువు తిరిగి అరెక్కితే అంగడివాడికి ఎలా ఉంటుందో అక్కకు తెలియకపోవచ్చు, నాకు తెలుసు. మా నాయన అక్కడే కూర్చుని నన్ను చూస్తున్నట్టనిపించింది. ఇంకొక కారణం కూడా చెప్పాలి. అంత కష్టపడి దించిన ధరను అక్కడ అనాథలా వదిలి రావడానికి నాకు మనసొప్పలేదు.

"ఇది నాకేలే," అన్నాను.

"నీకేంటికి మే? నువ్వు అప్పడం గూడా మాడబెడతావే!"

"నేర్చుకుంటా."

అంగడాయన అప్పుడు మనస్ఫూర్తిగా నవ్వాడు. మీసం మీద పిండి ఇంకా ఉంది.

ఇంటికొచ్చాక అక్క వాళ్లాయన ఓటీజీ వెనక రాసింది చదివి, వంటింటి ప్లగ్గు చూసి, తల అడ్డంగా ఊపాడు. ఆ సన్నతీగ మీద ఇంత కరెంటు లాగితే తీగే బిస్కెట్టవుతుందన్నాడు. మోటార్లు చుట్టే మనిషికి తీగ సంగతి చెప్పాలా. కరెంటు మీటరు నుంచి లావుతీగ వేసి, పెద్ద ప్లగ్గు బిగించి, గోడకు జానెడు ఎడంగా బల్ల వేశాడు. "దీని ఒళ్లు కాలుతాది, దగ్గర గుడ్డలు పెట్టొద్దు," అని మా ఇద్దరికీ చెప్పి కొట్టుకు పోయాడు.

మొదటి తట్ట అంచులు ముదిరాయి. గుబ్బ మీద నూట డెబ్భై పెడితే, లోపలి మీటరు నూట తొంభై చూపిస్తోంది. నేను అంగడాయన మీద యుద్ధానికి లేచాను. అక్క కూర్చోమన్నది. గుబ్బను కొంచెం కొంచెం వెనక్కి తిప్పుతూ, దీపం ఆరి వెలిగేదాకా ప్రతిసారీ ఆగుతూ, మీటరు నూట డెబ్భై చూపించే చోటు పట్టింది. గుబ్బ పక్కన గోళ్లరంగుతో ఎర్ర చుక్క పెట్టింది. "గుబ్బ ఏమన్నా అనుకోనీ, మనకు ఈ చుక్కే డిగ్రీ." రెండో తట్టకు బిస్కెట్లు అన్నీ ఒకే రంగు. ఆమె ఒకటి తీసి రెండు వేళ్ల మధ్య నొక్కింది. విరగలేదు. నాలుక మీద పెట్టుకుంది. వెంటనే మూడో తట్ట పేర్చింది. అంతకంటే పెద్ద మెప్పు ఆమె దగ్గర లేదు.

డబ్బాలు నింపే రోజుల్లో నేనూ నా ఎయిర్ ఫ్రయ్యరును చంకన పెట్టుకుని వాళ్లింటికి పోయాను. బిస్కెట్ల పైన అద్దడానికి శెనక్కాయ పప్పులు కావాలి. అవి నా బుట్టలో వేస్తే, నడుమ ఒకసారి కుదిపితే చాలు, ఒక్కటి మాడకుండా వేగాయి. పొట్టు మాత్రం ఎగిరి కాయిలు చేరకుండా ముందే వలిచి పెట్టమని అక్క చెప్పింది. పిండి పాఠం ఆమె మర్చిపోలేదు. "చూడు, నీ గాలిపొయ్యికీ అన్నం పెట్టినాం," అన్నది. నాకు చిన్నపిల్లలా సంతోషమైంది.

ఆఖరి డబ్బా నాన్‌ఖటాయి సగంలో ఉండగా కరెంటు పోయింది. తట్ట లోపల ఉంది, గంట కొట్టడానికి ఇంకా నాలుగైదు నిమిషాలుంది. నేను తలుపు తెరవబోయాను.

"ముట్టొద్దు!" అక్క కేక వేసింది.

ఆ అద్దం ముందు పీట వేసుకుని కూర్చుంది. లోపల దీపం లేదు. కిటికీ వెలుతురులో తెల్లటి బిస్కెట్లు కనపడీ కనపడకుండా ఉన్నాయి. మీటరు ముల్లు మెల్లగా దిగుతోంది. ఆమె ముఖంలో కంగారు లేదు. బట్టీ ముందు వరుసలో నిలబడి, ఇప్పుడు నీది, తర్వాత నీది అని చెప్పినప్పటి ముఖం అది.

"మంట తీసినాక గూడా వేడి ఉంటాది. బట్టీ అయినా ఇంతే కదా," అన్నది.

మామూలుగా పట్టే దానికంటే కొంచెం ఎక్కువసేపు ఆగి తీసింది. అడుగు లేత బంగారు రంగు, పైన సన్నటి పగుళ్లు. అన్ని తట్టల్లోకీ ఆ కరెంటు పోయిన తట్టే బాగా వచ్చిందని నా అభిప్రాయం. కరెంటు ఓవెనులో మిగిలిన వేడి ఉండదన్న మా తీర్మానం కూడా అక్కడే కొట్టుకుపోయింది.

డబ్బాలు బస్సులో కణేకల్ పోయాయి. పెళ్లయిన మర్నాడు చెల్లెలు ఫోను చేసింది. అక్క చేతులకు పిండి ఉంది కాబట్టి నేనే ఫోను పట్టుకుని స్పీకరు పెట్టాను.

"ఏమ్మే, బట్టీ పగలగొట్టినారంటివే? మళ్లా కట్టినారా? వియ్యపురాలు డబ్బా మూత మూయనియ్యల్యా! ఎవరి బట్టీలో కాల్పిస్తివి?"

అక్క పిండి కలుపుతూనే ఉంది. "మా ఇంట్లో," అన్నది.

"ఇంట్లోనా?"

"ఊ. కొని పంపమంటివి కదా. కొన్నా. పొయ్యి కొన్నా."

అవతల చెల్లెలు గట్టిగా నవ్వింది. చిన్నకూతురి పెళ్లికి కూడా నీ చేతివే కావాలన్నది. అక్క కళ్లు తుడుచుకోబోయి, చేతికి పిండి ఉందని గుర్తొచ్చి, మోచేత్తో తుడుచుకుంది.

ఆ పిండి కణేకల్‌కు కాదు. వెనక వీధి ఆమెది. గుమ్మం దగ్గర ఇంకో ఇద్దరు గిన్నెలు పట్టుకుని కూర్చున్నారు, ఎవరి మైదా వాళ్లది, ఎవరి నెయ్యి వాళ్లది. బేకరీ ముందు పోయిన వరుస ఇక్కడికి వచ్చింది. తట్టకు ఇంత అని తీసుకోమని నేను అక్కకు చాలాసార్లు చెప్పాను. కరెంటు బిల్లుకు మాత్రం తీసుకుంటుంది. మిగతాది నా సలహా కాబట్టి వదిలేస్తుంది.

టైమరు గంట కొట్టింది. తట్ట తీసి బల్ల మీద పెట్టింది అక్క. సగంలో తిప్పినా వెనక మూలది ఒకటి ఎప్పుడూ కొంచెం ముదురుతుంది. దాన్ని పిండి తెచ్చినామె డబ్బాలో వేయదు. అట్లకాడతో ఎత్తి నా చేతిలో పెట్టింది.

"తీసుకో మే, నీ కొసరు."

అది కాలుతోంది. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, గుమ్మంలోనే నిలబడి తిన్నాను.